లక్ష్మీదేవి అని వెతికితే ఎవరు దొరికారు

గత డిసెంబరులో అనంతపురంలోని ఒక డిగ్రీ కాలేజీ సెమినార్ హాల్లో, ఉద్యోగాలిచ్చేవాళ్లకు ఆన్‌లైన్‌లో ఎలా కనబడాలో చెబుతూ, ప్రొజెక్టర్ తెర మీద, ఫైనలియర్ అమ్మాయి ఒకరి పేరు గూగుల్‌లో కొట్టాను. "ఎవరి పేరు వెతుకుదాం?" అని అడిగితే తనే చెయ్యెత్తింది. బీఎస్సీ కంప్యూటర్స్. ఊరు ధర్మవరం, ఇంట్లో మగ్గం, రోజూ రైలెక్కి కాలేజీకి వస్తుంది. ఆమెను ఇక్కడ లక్ష్మీదేవి అంటాను. అసలు పేరు అది కాదు గానీ, అంతే మామూలు పేరు. స్పెల్లింగుతో వచ్చిన తిప్పలు కూడా అచ్చం ఇవే.

మొదటి పేజీ నిండా లక్ష్మీదేవులే. టీచరు ఒకరు, డాక్టరు ఒకరు, ఎక్కడిదో ఓటర్ల జాబితా ఒకటి. ఈ అమ్మాయి లేదు. పేరు పక్కన ధర్మవరం అని చేర్చి మళ్లీ వెతికాను. ఈసారి ఒక ఫేస్‌బుక్ ప్రొఫైల్ వచ్చింది. పేరు "లక్కీ లక్ష్మి", ఫోటో ఒక హీరోయిన్‌ది. తొమ్మిదో తరగతిలో వాళ్ల అన్న ఫోన్లో తెరిచిన ఖాతా అట. హాలంతా నవ్వింది. ఆ పిల్ల తల దించుకుంది.

ఆ తప్పు నాది. అనుమతి అడిగాను, నిజమే. కానీ ఏం వస్తుందో ముందు నా లాప్‌టాప్‌లో చూసుకోకుండా 60 మందికి పైగా చూస్తుండగా తెర మీద పెట్టకూడదు. ప్రసంగం అయ్యాక తనతో మాట్లాడి, ఆ రోజు మొదలుపెట్టిన పనిని ఐదు వారాలు కలిసి చేశాం. ఆ ఐదు వారాల సంగతే ఇది. హాల్లో నేను చెప్పిన రెండు గంటల మాటల కంటే ఈ ఒక్క పేరు వెనక పడి చేసిన పనిలోనే చెప్పదగ్గది ఎక్కువ ఉంది.

నేను పదకొండేళ్లుగా బెంగళూరు కంపెనీలకు ఫ్రెషర్లను వెతికిపెట్టే పనిలో ఉన్నాను. ఇప్పుడు అనంతపురం ఇంటి నుంచే చేస్తున్నాను. అందుకే మొదట ఒక విషయం స్పష్టం చేయాలి. వేలమందిని ఒకేసారి తీసుకునే పెద్ద కంపెనీల్లో మొదటి వడపోత పరీక్షతోనో, మార్కుల శాతంతోనో అయిపోతుంది. అక్కడ మీ ప్రొఫైల్ తెరిచి చూసే తీరిక ఎవరికీ ఉండదు. ఇది పనికొచ్చేది క్యాంపస్ బయట, ఇరవై ముప్పై మంది పనిచేసే చిన్న కంపెనీలకు అప్లై చేసినప్పుడు. ధర్మవరం నుంచి, కదిరి నుంచి వచ్చే డిగ్రీ పిల్లలకు ఎక్కువగా దొరికే దారి కూడా అదే. అక్కడ నా బోటి వాళ్లు రెజ్యూమె పీడీఎఫ్ తెరుస్తారు, అందులో ఉన్న లింకు నొక్కుతారు, రెజ్యూమెలో ఉన్న మనిషీ లింకులో ఉన్న మనిషీ ఒకరేనా అని చూస్తారు, చేశానన్న పని కనబడుతుందా అని చూస్తారు. అంతా కలిపి నిమిషం, నిమిషంన్నర. ఆ నిమిషంలో చాలామంది తప్పిపోయేది చదువు తక్కువై కాదు. లింకు తెరుచుకోదు, లేదా తెరుచుకున్న చోట వేరే పేరు ఉంటుంది.

నాలుగు పేర్లు, ఒక మనిషి

ప్రసంగం తర్వాత కాంటీన్‌లో కూర్చుని ఒక కాగితం మీద ఎక్కడెక్కడ ఏ పేరుతో ఉందో రాయమన్నాను. పదో తరగతి మార్కుల మెమోలో ఇంటిపేరు పూర్తిగా, తర్వాత "Lakshmidevi" అని ఒకే ముక్కగా. ఆధార్‌లో "Lakshmi Devi" అని రెండు ముక్కలుగా, ఇంటిపేరు ఒక్క అక్షరమే. లింక్డ్‌ఇన్‌లో "Laxmi Devi". రాసిన ప్రోగ్రాములు పెట్టుకుని నలుగురికీ చూపించే గిట్‌హబ్‌ సైట్‌లో పేరే లేదు, "lucky" తో మొదలై అంకెలతో ముగిసే యూజర్‌నేమ్ ఒకటే ఉంది.

మన వైపు ఇది ప్రతి ఇంట్లో ఉన్నదే. శ్రీనివాసులుని Sreenivasulu అనీ, Srinivasulu అనీ రాస్తాం. బాషాని Basha అంటాం, Bhasha అంటాం. ఇంటిపేరు ముందుండాలా, ఒక్క అక్షరం చాలా అనేది బడిలో చేర్చేటప్పుడు ఎవరి చేతిలో పెన్ను ఉంటే వాళ్ల ఇష్టం. ఇంట్లో ఉన్నంతకాలం దీనివల్ల ఏ ఇబ్బందీ లేదు. కానీ వెతికే యంత్రానికి Laxmi వేరు, Lakshmi వేరు. కొన్నిసార్లు దగ్గరి స్పెల్లింగులు అది కలిపి చూపిస్తుంది గానీ దాన్ని నమ్ముకోలేం.

ఏ స్పెల్లింగు ఖాయం చేసుకోవాలి అంటే నా జవాబు ఎప్పుడూ ఒకటే: పదో తరగతి మెమోలో ఉన్నది. డిగ్రీ సర్టిఫికెట్ దాన్ని బట్టే వస్తుంది. ఉద్యోగం వచ్చాక జరిగే వెరిఫికేషన్‌లో ముందు పెట్టే కాగితమూ అదే. ఇంటిపేరు పూర్తిగా రాయమన్నాను. లింక్డ్‌ఇన్‌లో మొదటి పేరుకు ఒక గడి, చివరి పేరుకు ఒక గడి ఉంటాయి. మన పిల్లలు చాలామంది చివరి పేరు గడిలో ఇంటిపేరు మొదటి అక్షరం, పక్కన ఒక చుక్క పెట్టి వదిలేస్తారు. లక్ష్మీదేవులు వేలమంది ఉన్నారు. ఆ ఇంటిపేరుతో లక్ష్మీదేవి, అదీ అనంతపురం కాలేజీలో, అంటే ఒకరో ఇద్దరో.

ఆమెకు ఇక్కడ ఒక సందేహం వచ్చింది. "ఇంటిపేరు పూర్తిగా పెడితే మావాళ్లెవరో తెలిసిపోతాది గదా మేడం?" అడగాల్సిన ప్రశ్నే. మన దగ్గర ఇంటిపేరుతో కులం, ఊరు ఊహించేవాళ్లు ఉన్నారు, లేరని నేను చెప్పలేను. కానీ రెజ్యూమెలో, సర్టిఫికెట్‌లో అది ఎలాగూ ఉంటుంది. దాచినందువల్ల కలిసొచ్చేదేమీ లేదు, వెతికినప్పుడు దొరక్కపోవడం తప్ప. అది చెప్పి, నిర్ణయం తనకే వదిలాను. మర్నాడు పూర్తిగానే పెట్టింది.

అసలు చిక్కు మెయిల్ దగ్గర వచ్చింది

లింక్డ్‌ఇన్ లింకు మార్చుకోవడం పావుగంట పని అనుకున్నాం. ఖాతా తెరిచినప్పుడు వచ్చే చిరునామాలో పేరు తర్వాత అర్థంలేని అక్షరాలూ అంకెలూ ఉంటాయి. ప్రొఫైల్ పేజీలో పబ్లిక్ ప్రొఫైల్, యూఆర్ఎల్ అని ఉన్నచోట నొక్కి వాటిని తీసేసి `linkedin.com/in/` తర్వాత మన పేరు పెట్టుకోవచ్చు. ఖాళీగా ఉంటే ఇస్తుంది, వేరేవాళ్లు తీసుకుని ఉంటే ఇంటిపేరును ముందో వెనకో చేర్చి చూడాలి. తీరా లాగిన్ అవుదామంటే పాస్‌వర్డ్ గుర్తులేదు. మార్చుకుందామంటే ఆ మెయిల్‌కి ఓటీపీ పోతుంది. మెయిల్ తెరుద్దామంటే దాని రికవరీ నంబరు వాళ్ల అన్న పాత సిమ్‌ది.

"ఆ సిమ్ ఇప్పుడు యాడుంది?"

"రీచార్జ్ చేయలేదు మేడం. రెండేండ్లాయ."

రీచార్జ్ చేయక ఆగిపోయిన నంబరును కొన్నాళ్లకు కంపెనీ వేరేవాళ్లకు ఇచ్చేస్తుంది. ఆ మెయిల్ తాళం ఇప్పుడు ఎవరి జేబులో ఉందో తెలియదన్నమాట. ఆ ఖాతాను వదిలేసి కొత్త మెయిల్ తెరిచాం: ఇంటిపేరు, పేరు, అంతే. పుట్టిన సంవత్సరం చేర్చొద్దన్నాను. పుట్టినతేదీ సగం చోట్ల గుర్తింపు ప్రశ్న, అందులో సంవత్సరాన్ని మెయిల్ చిరునామాలోనే పంచిపెట్టడం ఎందుకు? రికవరీకి తన నంబరు, దానికి తోడు నాన్న నంబరు ఇచ్చింది. పాత లింక్డ్‌ఇన్ ఖాతా చేతికి రాలేదు కాబట్టి కొత్తది తెరిచింది. పాతదాన్ని తీసేయించడానికి సహాయకేంద్రానికి దరఖాస్తు పెట్టింది. అది తేలడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ ఒకే మనిషికి రెండు ప్రొఫైళ్లు.

గిట్‌హబ్‌ది దీనికి తిరగేసిన కథ. అక్కడ కాలేజీ ఇచ్చిన మెయిల్‌తో ఖాతా తెరిచింది, అది బాగానే తెరుచుకుంటోంది. కానీ చదువు అయిపోయాక కాలేజీ మెయిళ్లు ఏదో ఒక రోజు ఆపేస్తారు. ఆ తర్వాత పాస్‌వర్డ్ మర్చిపోతే ఖాతాతో పాటు మూడేళ్ల పనీ పోతుంది. ఫైనలియర్ పిల్లలందరికీ నేను చెప్పే మొదటి పని ఇప్పుడు ఇదే: గిట్‌హబ్, లింక్డ్‌ఇన్, ఆన్‌లైన్ కోర్సుల ఖాతాలు, అన్నిటికీ సొంత మెయిల్ చేర్చి దాన్ని ప్రైమరీ చేసుకోవాలి. కాలేజీ మెయిల్ ఇంకా పనిచేస్తుండగానే. మార్చేటప్పుడు పాత మెయిల్‌లోకి వెళ్లాల్సిన అవసరం పడొచ్చు, అది ఆగిపోయాక చేయగలిగింది చాలా తక్కువ.

హాల్లో నేను చేసిన రెండో పొరపాటు కూడా ఇక్కడే చెప్పాలి. అందరినీ ఒకేసారి ఫోన్లు తీసి ఖాతాలు తెరవమన్నాను. ఒకే వైఫై మీద పదుల కొద్దీ కొత్త ఖాతాలు. కాసేపటికి చాలామందికి ఫోన్ వెరిఫికేషన్ అడిగింది, కొందరిని లోపలికే రానివ్వలేదు. బెదిరిపోయి అక్కడితో వదిలేసినవాళ్లు ఉన్నారు. ఖాతా ఎవరింటి దగ్గర వాళ్లు తెరుచుకుని రావాలి. హాల్లో చేయించాల్సింది సరిదిద్దుకోవడం ఒక్కటే.

కూలి లెక్కల ప్రోగ్రాం

ఇక పని చూపించడం. గిట్‌హబ్‌లో ఆమెకు మూడు రిపాజిటరీలు, అంటే ఒక్కో ప్రాజెక్టుకు ఒక్కో ఫోల్డరు లాంటివి, ఉన్నాయి. రెండు కాలేజీ ల్యాబ్ ప్రోగ్రాములు, అందరివీ ఒకేలా ఉంటాయి. మూడోది తెరిచేసరికి ఒకే ఫైలు, అదీ జిప్. చేసిన తేదీ ఒకటే, పక్కన "Add files via upload" అన్న మాట. జిప్ లోపల ఏముందో గిట్‌హబ్ పేజీలో కనబడదు, దించుకుని విప్పాలి. తెలియని మనిషి పంపిన జిప్‌ను ఎవరూ విప్పరు, నేనూ విప్పను.

"ఇందులో ఏముంది?" అని అడిగితే మొహమాటపడింది. "ఏంలే మేడం, మా నాయన కూలి లెక్క."

ధర్మవరంలో చాలామంది నేతగాళ్లది కూలి మగ్గం. పట్టు, జరీ షావుకారు ఇస్తాడు, చీర దిగాక కూలి ఇస్తాడు. మధ్యలో పండక్కో, జబ్బుకో ముందే కొంత తీసుకుంటారు. అది బాకీ. ఆ బాకీ ప్రతి చీర కూలిలోంచి కొంచెం కొంచెం పట్టుకుంటారు. లెక్కంతా షావుకారు నోట్‌బుక్కులో ఉంటుంది. వాళ్ల నాన్న లెక్క ఎప్పుడూ తేడా వస్తుందని, ఈ అమ్మాయి పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాసింది. చీర దిగిన తేదీ, కూలి, తీసుకున్న బాకీ ఇస్తే, చేతికి ఎంత రావాలో, బాకీ ఎంత మిగిలిందో చెబుతుంది.

మొదటిసారి రాసినప్పుడు ఒక తప్పు చేసిందట. బాకీ 12,000, కూలి 4,500 ఇస్తే చేతికి రావాల్సింది మైనస్ 7,500 అని చూపించింది. వాళ్ల నాన్న చూసి, "ఇట్ల పట్టుకుంటే మేము తినేదేంది పాపా? చీరకు ఐదు నూర్లే పట్టుకుంటారు" అన్నాడట. అప్పుడు చీరకు ఎంత పట్టుకోవాలనే దాన్ని ఒక విడి అంకెగా పెట్టి సరిచేసింది. ఇప్పుడు అదే లెక్క ఇస్తే చేతికి 4,000, మిగిలిన బాకీ 11,500 అని వస్తుంది. ఆఖరి చీరకు బాకీ 300 మాత్రమే మిగిలి ఉంటే 500 కాకుండా 300 పట్టుకోవాలి, అది కూడా తర్వాత గుర్తుపట్టి రాసింది.

ఇది విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం దాచుకోలేదు. ఫ్రెషర్ల రెజ్యూమెల్లో లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టం, హాస్పిటల్ మేనేజ్‌మెంట్ సిస్టం చూసి చూసి ఉన్నాను. ఒకరి దగ్గర్నుంచి ఒకరికి చేతులు మారుతూ వచ్చినవి, అడిగితే లోపల ఏముందో చెప్పలేరు. ఇక్కడ ఒక మనిషి అవసరం ఉంది, దాన్ని తప్పుగా అర్థం చేసుకోవడం ఉంది, వాడేవాడు చెప్తే దిద్దుకోవడం ఉంది. ఇదంతా జిప్‌లో మూటకట్టి, పైన "project final" అని పేరు పెట్టి కూర్చుంది.

జిప్ విప్పి ఫైళ్లు విడివిడిగా పెట్టమన్నాను. పెట్టింది. రాత్రి నేను తెరిచి చూస్తే డేటా ఫైలులో పద్నాలుగు మంది నేతగాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు, ఎవరికి ఎంత బాకీ ఉందో, అన్నీ నిజమైనవి. వెంటనే ఫోన్ చేశాను. భయపడి ఆ ఫైలు డిలీట్ చేసింది. కానీ గిట్‌లో ఫైలు డిలీట్ చేస్తే పై పొరలోంచి పోతుంది అంతే, పాత కమిట్, అంటే అంతకుముందు భద్రం చేసిన మార్పు, తెరిస్తే అక్కడే ఉంటుంది. జిప్‌లో కూడా అదే డేటా ఉంది మరి. పాత చరిత్రలోంచి ఏరి తీసే పద్ధతులు ఉన్నాయి గానీ, మొదటిసారి చేసేవాళ్లు అందులో పొరపాటు పడతారు. నేర్చుకునేవాళ్లకు నేను చెప్పేది తేలిక దారి: రిపాజిటరీ మొత్తాన్ని తీసేయడం, కల్పిత పేర్లతో కొత్త డేటా ఫైలు రాసుకుని, కొత్త రిపాజిటరీ తెరవడం. ఆ రాత్రే చేయించాను. అది ఎవరి కంటా పడిందో లేదో చెప్పలేం. ఎవరి అప్పు ఎంతో ఊరందరికీ తెలిసేలా పెట్టడం మామూలు విషయం కాదు. పాస్‌వర్డ్‌లు పెట్టొద్దని అందరూ చెబుతారు, అమ్మానాన్నల పక్కింటివాళ్ల లెక్కలు పెట్టొద్దని ఎవరూ చెప్పరు. హాల్లో నేనూ చెప్పలేదు.

కొత్త రిపాజిటరీలో పని మొదలుపెట్టాక ఇంకో వింత. నాలుగు రోజులు కాలేజీ ల్యాబ్‌లో కూర్చుని రోజూ కమిట్ చేసింది. పని చేసిన రోజుకు గుర్తుగా ప్రొఫైల్ పేజీలో పడాల్సిన ఆకుపచ్చ గడి ఒక్కటీ రాలేదు. కమిట్ లోపల ఉన్న మెయిల్ ఖాతాకు చేర్చిన మెయిల్ అయితేనే గిట్‌హబ్ దాన్ని మన ఖాతా కింద లెక్కేస్తుంది. ల్యాబ్ కంప్యూటర్లో ఎప్పుడో ఎవరో సీనియర్ తన పేరు, మెయిల్ పెట్టి వెళ్లాడు. ఈ అమ్మాయి పనంతా అతని పేరు మీద పడుతోంది. ఎవరి పేరు పడుతోందో ఇలా చూడొచ్చు, ఆ రిపాజిటరీ వరకు ఇలా మార్చుకోవచ్చు:

```
git log --format="%an %ae"
git config user.name "మెమోలో ఉన్న పేరు"
git config user.email "మీ సొంత మెయిల్"
```

చాలా పాఠాల్లో ఇక్కడ `--global` అని చేర్చి రాస్తారు. సొంత లాప్‌టాప్‌లో అది సరే. ల్యాబ్‌లో వద్దు, తర్వాత అదే లాగిన్‌తో కూర్చునేవాళ్లకు ఇదే గతి పడుతుంది. ఆ నాలుగు రోజుల కమిట్లను ఏం చేయాలని అడిగింది. వదిలేయమన్నాను. ఆకుపచ్చ గడుల కోసం చరిత్ర తిరగరాయాల్సినంత పని కాదు. గడులను లెక్కపెట్టి ఉద్యోగం ఇచ్చేవాళ్లను నేను చూడలేదు. చూసేది కమిట్ పక్కన ఏం రాశారు, పని ఒక్కరోజు కుమ్మరించిందా, మెల్లగా పెరిగిందా అన్నదే.

ప్రోగ్రాంను పరిచయం చేసే రీడ్‌మీ ఫైలును మూడు సార్లు తిరగరాసింది. మొదటిదాంట్లో తన ప్రోగ్రాం గురించి ఒక్క ముక్కా లేదు, పైథాన్ గొప్ప భాష అని ఒక పేరా ఉంది. మూడోదాంట్లో ఈ నాలుగే ఉన్నాయి: ఎవరి కోసం రాసింది, ఎలా నడపాలి, 12,000 బాకీ ఉదాహరణతో నడిపితే తెర మీద ఏమొస్తుంది, ఇంకా ఏది చేయలేదు. ఆ చివరిదానికి ఆమె ఒప్పుకోలేదు మొదట. "చేయలేదని మనమే చెప్పల్లా మేడం?" అంది. చెప్పాలి. రెండు మగ్గాలున్న ఇంటికి ఈ ప్రోగ్రాం పనిచేయదు. అది రాయకపోతే చూసేవాడు కనిపెడతాడు, రాస్తే ఆమెకు తెలుసు అని అర్థమవుతుంది. ఈ రిపాజిటరీని ప్రొఫైల్‌లో పిన్ చేయమన్నాను. ఆరు దాకా పిన్ చేసుకోవచ్చు, మేం ఒక్కటే చేశాం. ల్యాబ్ ప్రోగ్రాములను ప్రైవేట్ చేసింది.

ఫోటో, హెడ్‌లైన్

లింక్డ్‌ఇన్ హెడ్‌లైన్‌కు 220 అక్షరాల దాకా చోటు ఇస్తారు. ఆమె మొదట రాసుకున్నది "Aspiring Data Scientist | AI/ML Enthusiast | Quick Learner". హాల్లో చూసిన ప్రొఫైళ్లలో సగానికి సగం ఇలాంటివే, ఒకరిది చూసి ఒకరు. ఇందులో నేను వెతికే మాట ఒక్కటీ లేదు. నేను ఫ్రెషర్ కోసం వెతికేటప్పుడు Python అని, SQL అని, ఊరి పేరు కొడతాను. Enthusiast అని ఎప్పుడూ కొట్టలేదు. ఇలా మార్చింది:

```
Final-year B.Sc. Computers, Anantapur | Python, SQL |
Built a wage and advance register for handloom weavers
```

ఫోటో సంగతి తను ఒక్కతే కాదు, హాల్లో అమ్మాయిలు చాలామంది అడిగారు. పెట్టకపోతే నష్టమా? ఇంట్లో ఒప్పుకోకపోతే? ఫోటో ఉన్న ప్రొఫైల్ అసలుదిగా అనిపిస్తుంది, అందులో సందేహం లేదు. కానీ పెట్టనందుకు నేను ఎవర్నీ పక్కన పెట్టలేదు. మధ్యదారి ఒకటి ఉంది: ఫోటో ఎవరికి కనబడాలో లింక్డ్‌ఇన్‌లో ఎంచుకోవచ్చు. నేరుగా కనెక్షన్‌లో ఉన్నవాళ్లకే అని పెట్టుకుంటే మిగతావాళ్లకు బొమ్మే కనబడదు. లక్ష్మీదేవి అలాగే పెట్టింది. ఎవర్ని కనెక్షన్‌గా ఒప్పుకోవాలన్నది అప్పుడు మరింత జాగ్రత్తగా చూసుకోవాలి మరి.

దానికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది రెజ్యూమె. మన పిల్లలు ఇప్పటికీ బయోడేటా నమూనాలో రాస్తారు: తండ్రి పేరు, పుట్టినతేదీ, డోర్ నంబరుతో ఇంటి చిరునామా, ఫోన్ నంబరు, కింద సంతకం. ఆ పీడీఎఫ్‌ను అలాగే ప్రొఫైల్‌లో అందరికీ కనబడేలా పెడతారు. ఎవరైనా మీ పేరుతో మీ బ్యాంకుకి ఫోన్ చేయాలంటే అందులో ఉన్నదే చాలా ఎక్కువ. బయట పెట్టే రెజ్యూమెలో ఊరి పేరు, మెయిల్, రెండు లింకులు చాలు. ఫోన్ నంబరు నేరుగా అప్లై చేసేచోట ఇవ్వాలి.

పాత ఫేస్‌బుక్ ఖాతాకు మాత్రం లోపలికి వెళ్లగలిగింది, అన్న ఫోన్లో ఇంకా తెరిచే ఉంది. పేరు మార్చింది, పాత పోస్టులన్నీ ఒకేసారి ఫ్రెండ్స్‌కు మాత్రమే కనబడేలా చేసే ఆప్షన్ ఉంది, అది నొక్కింది. బయటి సెర్చ్ ఇంజన్లు ఈ ప్రొఫైల్‌కు లింకు ఇవ్వొచ్చా అన్న ప్రశ్నకు వద్దని పెట్టింది. అయినా ఆ హీరోయిన్ బొమ్మ గూగుల్‌లో ఇంకో రెండు వారాలకు పైగా కనబడుతూనే ఉంది. గూగుల్ మళ్లీ వచ్చి చూసుకునేదాకా పాతదే చూపిస్తుంది, అది మన చేతిలో లేదు. అప్లై చేసే ముందురోజు కాక నెలన్నర ముందే మొదలుపెట్టమనడానికి కారణం ఇదే.

వచ్చిన మెసేజీలు

నాలుగో వారంలో, ఉద్యోగం కోసం చూస్తున్నానని లింక్డ్‌ఇన్‌లో గుర్తు పెట్టిన మూడో రోజు, ఒక మెసేజ్ వచ్చింది. ఇంటి నుంచి డేటా ఎంట్రీ, నెలకు 25,000, ఇంటర్వ్యూ లేదు, లాప్‌టాప్ పంపడానికి ముందుగా 2,500 కట్టాలి. నాకు ఫార్వర్డ్ చేసి, "నిజమేనా మేడం, నాయన కట్టేద్దామంటాండాడు" అని రాసింది. ఉద్యోగం ఇచ్చేవాడు డబ్బు అడగడు. రిజిస్ట్రేషన్ అన్నా, ట్రైనింగ్ అన్నా, తిరిగిచ్చే డిపాజిట్ అన్నా. ఆ పంపినవాడి ప్రొఫైల్ తెరిచి ఇద్దరం చూశాం: కొద్దికాలం కింద తెరిచిన ఖాతా, కంపెనీ పేజీకి వెబ్‌సైట్ లేదు, మాట్లాడదామంటే వాట్సాప్‌కు రమ్మంటాడు. రిపోర్ట్ చేసి బ్లాక్ చేసింది. కనబడటం మొదలయ్యాక వీళ్లకూ కనబడతాం. ఈ మాట హాల్లో చెప్పకుండా అందరినీ ఆ గుర్తు పెట్టుకోమనడం నా మూడో పొరపాటు. ఆ గుర్తును రిక్రూటర్లకు మాత్రమే కనబడేలా పెట్టుకునే వీలుంది, తర్వాత అలా మార్చింది. దానితో ఈ మెసేజీలు పూర్తిగా ఆగుతాయని కాదు, తగ్గాయి.

నిజమైన పిలుపు దానంతటది రాలేదు. తనే అప్లై చేసిన తొమ్మిది చోట్లలో ఒకచోట నుంచి వచ్చింది, బెంగళూరులో చిన్న దుకాణాలకు అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీ. వీడియో కాల్లో ఇంటర్వ్యూ చేసినాయన రీడ్‌మీ తెరిచి పెట్టుకుని కూర్చున్నాడట. మొదటి ప్రశ్న: బాకీ కూలి కంటే ఎక్కువుంటే ఏం చేస్తావు? నాన్న అన్న మాట చెప్పింది. రెండో ప్రశ్న: డబ్బుని ఫ్లోట్‌గా, అంటే దశాంశ సంఖ్యగా, ఎందుకు పెట్టావు? తనకు తెలియలేదు, తెలియదనే చెప్పింది. ఆయన పైథాన్‌లో 0.1కి 0.2 కలిపి చూడమన్నాడు. 0.30000000000000004 అని వచ్చింది. చాలా దశాంశాలు కంప్యూటర్లో సరిగ్గా ఇమడవని, డబ్బుని పైసల్లో పూర్ణసంఖ్యగా పెట్టుకోవాలని ఆయనే వివరించాడు. ఆ సాయంత్రమే ప్రోగ్రాం మార్చి కమిట్ చేసింది, పక్కన ఎందుకు మార్చిందో ఒక లైను రాసింది. రెండు రోజుల తర్వాత రెండో రౌండుకు పిలిచారు. మూడు నెలల ఇంటర్న్‌షిప్ ఇచ్చారు, ఆ తర్వాత ఉద్యోగం ఇస్తామని మాత్రం మాట ఇవ్వలేదు.

హాల్లో ఉన్న మిగతావాళ్లలో ఐదు వారాల తర్వాత తమ లింకులు పంపమంటే పంపినవాళ్లు 14 మంది. అందులో ముగ్గురి లింకులు తెరుచుకోలేదు. ఇద్దరు యూజర్‌నేమ్ మార్చుకుని రెజ్యూమెలో పాతదే ఉంచారు. గిట్‌హబ్‌లో పేరు మారిస్తే పాత ప్రొఫైల్ చిరునామా పనిచేయదు. మూడో అబ్బాయి పీడీఎఫ్ చేసేటప్పుడు లింకు రెండు లైన్లకు విరిగి సగమే అతుక్కుంది. పంపేముందు వేరే ఫోన్లో, లాగిన్ లేకుండా, ఆ పీడీఎఫ్‌లోంచే నొక్కి చూసుకుంటే ముగ్గురికీ తెలిసేది.

వచ్చే నెల అదే కాలేజీ వాళ్లు మళ్లీ రమ్మన్నారు. ఈసారి సెమినార్ హాలు వద్దన్నాను. ల్యాబ్ అడిగాను, ఒక్కో విడతకు ఇరవై మంది. వచ్చేటప్పుడు పదో తరగతి మెమో జిరాక్స్, మెయిల్ రికవరీకి ఇచ్చిన సిమ్ ఉన్న ఫోను తెచ్చుకోవాలని నోటీసు బోర్డులో పెట్టమన్నాను. లక్ష్మీదేవి ఆ రోజు సెలవు పెట్టుకుని వస్తానంది.